చట్టం కాని చట్టం కింద దోషి

జాబితా చట్టం ఏనాడూ చట్టం కాదని కొత్త ప్రభుత్వం చట్టబద్ధంగా ప్రకటించింది. ఆ ఉదయం ఊళ్లో అందరూ ఒకరినొకరు అభినందించుకున్నారు. ఆరేళ్లపాటు తాము తు.చ. తప్పకుండా పాటించింది చట్టమే కాదని తెలిస్తే ఎవరికి మాత్రం మనసు తేలికపడదు?

నర్సమ్మ కూడా సంతోషించింది. ఆ చట్టాన్ని మీరినందుకు మూడేళ్లు జైల్లో ఉండి వచ్చిన మనిషి మరి. జాబితాలో పేరున్నవారికి నీళ్లు, నీడ, మందు ఇవ్వరాదని చట్టం. ఒక తాపీమేస్త్రీ పేరు అందులోకి ఎక్కింది. ఎందుకు ఎక్కిందో ఆయనకూ తెలియదు, ఎక్కించినవారికీ గుర్తులేదు. ఆయన పరంజా మీంచి పడి, తల పగిలి, ఆమె గుమ్మంలో కూలబడ్డాడు. ఆమె కట్టు కట్టింది. ఎదురింటి దర్జీ కిటికీలోంచి చూసి, చక్కని దస్తూరీతో ఫిర్యాదు రాశాడు. అంతకు నెల ముందు, తన రవికె చేతులు పొట్టిగా కుట్టాడని ఆమె వీధిలో నలుగురితో చెప్పింది. దేశభక్తి మనిషిలో ఏ దారిన ప్రవేశిస్తుందో చెప్పలేం.

మేస్త్రీ జైల్లోనే పోయాడు. ఆమె బయటికి వచ్చింది గానీ, శిక్ష పడినవారికి నర్సు లైసెన్సు ఉండరాదని నర్సుల మండలి నియమం. ఇరవై రెండేళ్లు చేసిన పని. ఇప్పుడు అక్క ఇంట్లో బట్టలు మడతపెడుతోంది. ఆ లైసెన్సు తిరిగి వస్తే చాలు, ఇంకేమీ వద్దనుకుంది.

"చట్టమే కాదన్నారుగా మావయ్యా! ఇక నేను దోషిని కానట్టేగా?" అని అడిగింది. ఆమె మేనమామ ప్లీడరు పని మానేసి చాలాకాలమైనా, వాదించే అలవాటు మానలేదు.

"అది చట్టమేనమ్మాయ్" అన్నాడాయన.

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. అక్క గుడ్లురిమింది. "నీకు మేనకోడలు కావాలా, ఆ దిక్కుమాలిన కాగితం కావాలా?"

"పూర్తిగా వినవే. ఒకటి చట్టం అవునా కాదా అంటే, ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. శాసనసభ చేసింది, గెజిట్‌లో వేశారు, కోర్టులు అమలుచేశాయి. కాబట్టి చట్టమే. అది మంచిదా అన్నది వేరే ప్రశ్న. పాటించాలా అన్నది ఇంకో ప్రశ్న. మాడిపోయిన వంటా వంటే. అంతమాత్రాన తినాలని ఎవరన్నారు? అది చట్టమే, పాటించకూడని చట్టం. నువ్వు చేసింది సరైన పని."

"మరి న్యాయం అనేదే లేనిదాన్ని చట్టమని ఎలా పిలుస్తాం మావయ్యా? దొంగల ముఠా కూడా కాగితం మీద ముద్ర కొట్టగలదు" అంది నర్సమ్మ.

"అలా అనేవాళ్లూ పెద్దవాళ్లే. చట్టం ఉన్నది అందరి మేలు కోసం, మనిషిని మనిషిగా చూడనిదానికి చట్టం రూపమే ఉంటుంది గానీ మనల్ని కట్టిపడేసే బలం ఉండదంటారు. ప్రతి చిన్న అన్యాయానికీ అలా అనరు, భరించరానిదైతేనే. తప్పనను. నా భయమల్లా ఒకటే. అది చట్టమే కాదంటే, పాటించినవాళ్లంతా 'అయ్యో, పొరబడ్డాం' అని ఇంటికిపోతారు. చట్టమే అంటే, 'ఎందుకు పాటించావురా?' అని నిలదీయొచ్చు."

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. కట్టు కట్టాల్సిందేనన్న దగ్గర మాత్రం ఇద్దరికీ ఏ పేచీ రాలేదు. ఇంత ముఖ్యమైన విషయంలో ఏకాభిప్రాయం కుదరడం శాస్త్రచర్చకు మంచిది కాదు గనక, ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది.

సంఘానికి అధ్యక్షులు జడ్జిగారు. నర్సమ్మకు శిక్ష వేసింది వారే కాబట్టి, విషయం వారికంటే బాగా తెలిసినవారు ఎవరుంటారు? ఆనాడు, "చట్టం చట్టమే. నా మనసు ఏడుస్తోంది, చేతులు మాత్రం కట్టేసి ఉన్నాయి" అని సెలవిచ్చి, ఆ కట్టేసి ఉన్న చేతులతోనే తీర్పు మీద సంతకం చేశారు. ఈనాడు పచ్చ గుడ్డ పరిచిన బల్ల వెనుక కూర్చుని, మంచినీళ్లు తాగి, "అన్యాయమైనది చట్టం కానేరదు! ఇది నా జీవితకాలపు విశ్వాసం!" అన్నారు. చప్పట్లు మోగాయి. జీవితకాలం ఎప్పుడు మొదలైందని అడిగే సంస్కారహీనులు అక్కడ లేరు.

దర్జీని పిలిచారు. "చట్టాన్ని గౌరవించానండి, అంతే" అన్నాడు.

మావయ్య లేచాడు. "ఫిర్యాదు చెయ్యకపోతే శిక్ష అని ఆ చట్టంలో ఎక్కడైనా ఉందా బాబూ?"

"లేదండి."

"మందు ఇవ్వకూడదని ఉంది. చూసినవాడు చెప్పి తీరాలని లేదు. మరి నీ చేత రాయించింది చట్టమా, రవికె చేతులా?"

ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని జడ్జిగారు తోసిపుచ్చారు. నిజానికి ఆ ప్రశ్న దర్జీ దగ్గర ఆగేలా లేదు.

నెలలోగా తీర్పు వచ్చింది. ఆ చట్టం పుట్టుకనుంచే చెల్లదు. అయితే, దాని కింద జరిగినవన్నీ చెల్లుతాయి. సద్బుద్ధితో పనిచేసిన అధికారులను ఇబ్బంది పెట్టరాదు గదా. నర్సమ్మ నేరం చేయలేదు. శిక్ష మాత్రం సక్రమంగా నియమితమైన కోర్టు వేసింది గనక నిలుస్తుంది. పోనీ క్షమాభిక్ష ఇద్దామంటే, నేరమే లేనప్పుడు దేన్ని క్షమించడం?

మావయ్య శాసనసభకు నాలుగు పంక్తుల ముసాయిదా పంపాడు. 'ఆనాడది చట్టమే. ఘోరమైన చట్టం. చేసింది మేమే. ఆ శిక్షలన్నిటినీ ఈనాడు, వెనకటి తేదీనుంచి, తెలిసి తెలిసి రద్దు చేస్తున్నాం.' సభ్యులు దిగ్భ్రాంతి చెందారు. వెనకటి తేదీతో చట్టం చేయడమా? ఎంత అన్యాయం! అలాంటిదానికి తమ అంతరాత్మ ఒప్పుకోదన్నారు. జాబితా చట్టానికి చేతులెత్తి ఓటేసినవారిలో సగం మంది ఆ సభలోనే ఉన్నారు. వాళ్ల అంతరాత్మలు ఆరేళ్ల విశ్రాంతి తర్వాత చాలా చురుగ్గా ఉన్నాయి.

బదులుగా 'ప్రతిఘటన పత్రం' ప్రవేశపెట్టారు. జాబితా చట్టాన్ని క్రియలో గానీ, మనసులో గానీ ఎదిరించినవారు ఒక సాక్షి సంతకంతో దరఖాస్తు చేసుకోవచ్చు. పత్రం ఉంటే ఏ లైసెన్సయినా తిరిగి ఇస్తారు. మర్నాటి వరస కార్యాలయం మెట్లు దిగి, వీధి మలుపు తిరిగింది. మనసులో ఎదిరించినవారు ఒకరి మనసుకు ఒకరు సాక్షి సంతకాలు చేసుకున్నారు.

నర్సమ్మ ఎదిరించింది క్రియలో. దాన్ని చూసిన సాక్షి ఊరు మొత్తానికి ఒక్కడే. ఆమె వీధి దాటి వెళ్లి దర్జీ గుమ్మంలో నిలబడింది. కుట్టుమిషను ఆగింది. ఆ గుమ్మంలో నిలబడ్డందుకు ఆమెకు జైల్లో కూడా కలగనంత సిగ్గు కలిగింది.

"నేను కట్టు కట్టడం చూశానని రాసివ్వు" అంది.

"అయ్యో, అంతకంటేనా వదినా!" అని దర్జీ వెంటనే రాసిచ్చాడు. దస్తూరీ ఏమాత్రం చెడలేదు.

పదిరోజులకు నిర్ణయాలు వచ్చాయి. దర్జీకి పత్రం మంజూరైంది. ఒక అమానుష చట్టం ఎలా అమలైందో సమకాలంలోనే లిఖితపూర్వకంగా నమోదు చేసిన పౌరుడు ఊళ్లో ఆయనొక్కడేనట. నర్సమ్మను మాత్రం ఒక ప్రశ్నకోసం లోపలికి పిలిచారు.

"కట్టు కట్టేటప్పుడు, ఇది అన్యాయమైన చట్టం, దీన్ని ఎదిరిస్తున్నాను అని అనుకున్నారా?"

"లేదండి. రక్తం కారుతోంది. కట్టాను."

గుమాస్తా జాలిగా తలూపి, 'సిద్ధాంతం లేదు' అని రాసుకున్నాడు. ఆ కింద, 'పైగా శిక్ష పడిన వ్యక్తి' అని చేర్చాడు.

పత్రాలు పొందినవారి పేర్లు నిన్న గెజిట్‌లో వచ్చాయి. ఊరంతా ఉంది. ఆ చట్టాన్ని పాటించినవాడు ఒక్కడూ లేడని రుజువైంది. ఎదిరించలేదని తేలింది ఆమె ఒక్కతే. మీ పేరు కూడా చూశాం, శుభాకాంక్షలు.