మూడో అంశం

శుక్రవారం ఉదయం ఏడున్నరకు నిఖిత ప్రకటన విడుదల చేసి, ఇక కాఫీ తాగొచ్చని అనుకుంది. ఆమె ‘రేవు ముచ్చట్లు’ అనే పాడ్‌కాస్ట్ నడుపుతుంది. విశాఖలో పనిచేసి రిటైరైన వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలకు రికార్డింగు, ఆదివారం ఉదయం విడుదల. ఇంత చిన్న కార్యక్రమంలో తిరకాసు పడ్డానికి చోటెక్కడుందని ఎవరైనా అనుకుంటారు.

ప్రకటనకు ఆమె పద్ధతి ఆమెకుంది. నలుచదరపు బొమ్మలో ఎడమ పక్క అతిథి ఫొటో, కింద పేరు, ఒక్క ముక్కలో పరిచయం, విడుదల రోజు, సమయం. కుడి పక్క మూడు అంశాలు. రెండే వేస్తే ఈ మాత్రానికి గంటసేపు వినాలా అంటారు, నాలుగు వేస్తే నాలుగోది చదవరు. అంశం అడిగినట్టుండాలి తప్ప జవాబు చెప్పేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మ మీద వేసింది ఎపిసోడ్‌లో ఉండి తీరాలి. లేకపోతే విన్నవాడు రెండోసారి రాడు.

ఈ వారం అతిథి త్రినాథరావు. ఓడరేవులో ఖనిజం మోసే కన్వేయర్ బెల్టుల మీద ముప్పై నాలుగేళ్లు ఇంజినీరుగా చేసి, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాడు. తన ఉద్యోగంలో తప్పన్నది లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచుతుంటాడు. ముందురోజు ఫోన్లో నిఖిత అంశాలడిగితే గంటన్నర మాట్లాడి రెండే ఇచ్చాడు. మూడో గీత ఖాళీగా కనబడేసరికి ఆ పిల్ల చెయ్యి ఊరుకోలేదు, మూడోది తనే అల్లేసింది. ప్రకటన ఇలా వెళ్లింది:

ఒకటి: దారి తప్పిన నాలుగో నంబరు బెల్టును సరిచేసిన లెక్క ఏమిటి?
రెండు: ఉప్పుగాలిలో ఇనుము తుప్పు పట్టకుండా ఏం చేశారు?
మూడు: ముప్పై నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని ఆ పొరపాటు ఏది?

ఎనిమిదింటికి త్రినాథరావు ఫోన్ చేశాడు.

“ఏటమ్మా ఇది? నాను పొరపాటు సెయ్యడమేటి? తీసీ ముందు!”

“సార్, కింద రాసింది మార్చగలను గానీ బొమ్మలో ఉన్నది మార్చలేను. పోస్టు తీసేసినా లాభం లేదు. మీ రిటైరైనవాళ్ల గ్రూపులోనే నలభై మంది పంపించుకున్నారు. చిన్న పొరపాటు ఏదో ఒకటి గుర్తు తెచ్చుకోండి సార్. నేను పదింటికి వస్తాను.”

“లేందాన్ని ఎక్కడినుంచి తెత్తాను?” అన్నాడాయన. ఆ మాటలో గర్వమే తప్ప దిగులు లేదు.

ఫోన్ పెట్టగానే మళ్లీ మోగింది. ఈసారి స్టోర్సులో పనిచేసిన శ్రీరామ్మూర్తి. పొరపాటు ఎవరిదో బొమ్మ చెప్పలేదు కదా, తనదేననుకున్నాడు.

“బావా, ఆ బేరింగు సంగతి చెప్పకు బావా. మనవరాలు వింటాది. కొత్తది రాలేదని పాతదే కిరసనాయిలుతో కడిగి, డబ్బాలో పెట్టి ఇచ్చీసేను. నీకు తెలిసినా ఇన్నేళ్లు అడగలేదు, నీది పెద్ద మనసు.”

త్రినాథరావుకు ఏమీ తెలియదు. తెలియదని చెప్పడం అలవాటు లేక, “సరేలే” అన్నాడు. ఆ ‘సరేలే’తోనే కొంప మునిగింది. త్రినాథరావు దగ్గర అన్నీ ఉన్నాయనీ, బతిమాలితే వదిలేస్తున్నాడనీ శ్రీరామ్మూర్తి గ్రూపులో పెట్టేశాడు. పదిలోగా ఇంకో నలుగురు ఫోన్ చేసి, ఎవరూ అడగని తప్పులు ఒప్పుకున్నారు. ఒకాయన నూనె పోయకుండానే పోసినట్టు రాశానన్నాడు. ఇంకొకాయన గేరుబాక్సులో స్పానరు మరిచిపోయి మూత బిగించానన్నాడు.

భార్య గౌరీశ్వరి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏటండీ, నా పొరపాటు కూడా అందులో చెప్తారా?”

“నీదేటి?”

“మీరు ఒడిశా బదిలీకి అర్జీ రాసి పోస్టు సెయ్యమన్నారు గదా. సేయలేదు. బియ్యం డబ్బాలో ఉంచీసేను.”

ఆ బదిలీ రాకపోవడానికి పైవాళ్ల కుట్రే కారణమని త్రినాథరావు ఇరవై ఏళ్లుగా చెబుతున్నాడు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

నిఖిత మైకులు పట్టుకొని వచ్చేసరికి గుమ్మంలో జగ్గయ్య ఉన్నాడు. జాలరిపేట మనిషి, బెల్టు సెక్షన్లో సారు దగ్గర ఇరవై ఆరేళ్లు చేశాడు. చేతిలో సంచి, సంచిలో చందువా చేపలు, ముఖంలో ప్రాణం లేదు.

“సారూ, మీకు తెలిసిపోనాదా? మూడోది సూసి సద్ది కూడా తినకుండా వచ్చీసేను. నాలుగో బెల్టు సంగతే గదా?”

“నాలుగో బెల్టు నా లెక్కతో బాగయింది. అందులో పొరపాటేటుంది?”

జగ్గయ్య నిఖిత వంక చూసి, నేల వంక చూసి, చెప్పేశాడు.

ఒక ఏడాది వానల్లో తడి ఖనిజం మోస్తూ బెల్టు ఎడమకు జరిగిపోయేది, అంచుమీంచి సరుకు రాలేది. త్రినాథరావు మూడు రోజులు లెక్కలు కట్టి, బెల్టు కింద రోలర్లను మోసే చట్రాలు ఏడింటిని కొద్దికొద్దిగా తిప్పించాడు. నాలుగో రోజు బెల్టు తిన్నగా నడిచింది. పైఅధికారులొచ్చి చప్పట్లు కొట్టారు, ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇది అందరికీ తెలిసిన కథ. జగ్గయ్య చెప్పింది వేరు.

“బెల్టు ఎనక కొసన తిరిగే తోక డ్రమ్ముకి ఎడమేపు బురద గట్టిపడిపోనాది సారూ. అటు లావైపోతే బెల్టు అటే ఎక్కుతాది గదా. మూడో రోజు సాయంత్రం కరెంటు తీయించి, బోర్డు తగిలించి, పారతో గీకీసేను. నడిపితే ఈసారి కుడికి పోతన్నాది. మీరు తిప్పించిన చట్రాల వల్ల. అందుకని ఏడింటినీ పాత రంగు గీతల కాడికి తెచ్చీసేను. తెల్లారి చెప్దామంటే, పెద్ద సార్లు మీ సుట్టూ ఉన్నారు.”

త్రినాథరావుకు కష్టంగానే ఉంది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన గట్టిగా పట్టుకున్నది ఆ ఒక్క బెల్టునే. ఊళ్లో ఆయనకు పేరంటూ ఉంటే అది ఆ లెక్కదే.

“సెప్పకండి సారూ. మీ పేరు పోతాది,” అన్నాడు జగ్గయ్య.

నిఖితకూ మనసొప్పలేదు. “వద్దులెండి సార్. మూడోది పొరపాటున పడిందని రాసేస్తాను. పైగా ఒకటోదీ మూడోదీ ఒకటే అయిపోయాయి.”

“ఒకటెలాగవుతాదమ్మా?” అని త్రినాథరావు లేచాడు. “ఒకటోది లెక్క, మూడోది నిజం. ప్రకటనలో వేసేం. వేసింది చెప్పాల. జగ్గయ్యా, నువ్వూ కూకో. ఆ రెండో మైకు ఇతగాడికియ్యమ్మా.”

మూడు గంటలకు మొదలైన రికార్డింగు ఐదున్నరకు గానీ ఆగలేదు. మొదటి అంశంలో త్రినాథరావు లెక్కను దర్జాగా వివరించాడు. తుప్పు గురించి జగ్గయ్యే ఎక్కువ మాట్లాడాడు: ముందు మంచినీళ్లతో ఉప్పు కడగాలి, బాగా ఆరాలి, తుప్పు గీకాలి, అప్పుడే రంగు, ఉప్పు మీద రంగేస్తే మూడు నెలల్లో పెచ్చులూడుతుంది. మూడో అంశం వచ్చేసరికి సారు మైకును దగ్గరికి లాక్కున్నాడు. “డ్రమ్ము దగ్గరికెళ్లి ఒక్కసారి సూడకుండా లెక్క కట్టేను. ఆ పత్రం ఈ జగ్గయ్యది,” అన్నాడు. జగ్గయ్య కండువాతో కళ్లొత్తుకుంటుంటే మైకులో గరగర వచ్చింది. నిఖిత దాన్ని కత్తిరించలేదు.

ఆదివారం సాయంత్రానికి నిఖిత పాడ్‌కాస్ట్ మొత్తంలో అంతమంది విన్న ఎపిసోడ్ మరొకటి లేకపోయింది. పేరు పోతుందనుకున్న మనిషిని వెతుక్కుంటూ పాత ఖలాసీలు భీమిలి నుంచి బస్సెక్కి వచ్చారు. తన గొప్పలు చెప్పుకున్నన్నాళ్లూ పలకరించని వాళ్లు కూడా ఆయన చేతులు పట్టుకున్నారు. పత్రం జాలరిపేటలో జగ్గయ్య ఇంటి గోడకెక్కింది.

త్రినాథరావులో మార్పేమైనా వచ్చిందా అంటే, వచ్చింది. పొరపాటు ఒప్పుకోవడంలో తాను ఒక్క పొరపాటూ చెయ్యలేదని ఇప్పుడు అందరికీ చెబుతున్నాడు.